ఆర్మీ కెప్టెన్, నేవీ కెప్టెన్: పేరొకటే, హోదా వేరు

విశాఖలో నేవీ కెప్టెన్‌ని, సికింద్రాబాద్‌లో ఆర్మీ కెప్టెన్‌ని ఒకే హోదా అనుకునేవాళ్లు చాలామంది. నిజానికి వాళ్ల మధ్య మూడు మెట్ల తేడా ఉంది.

మన ఆర్మీలో లెఫ్టినెంట్‌గా చేరినవారు రెండేళ్ల సర్వీసుకే కెప్టెన్ అవుతారు. ఆ తర్వాత మేజర్, లెఫ్టినెంట్ కల్నల్, ఆపైన కల్నల్. నేవీ కెప్టెన్ ఈ కల్నల్‌తో సమానం. ఎయిర్‌ఫోర్స్‌లో ఆయన సాటి గ్రూప్ కెప్టెన్. అక్కడికి చేరడానికి సాధారణంగా పదిహేనేళ్లు దాటుతాయి, సెలక్షన్ బోర్డు కూడా ఒప్పుకోవాలి.

మరి ఆర్మీ కెప్టెన్‌కి సాటి ఎవరు? నేవీలో లెఫ్టినెంట్, ఎయిర్‌ఫోర్స్‌లో ఫ్లైట్ లెఫ్టినెంట్. ఇక్కడ 'లెఫ్టినెంట్' అన్న మాట మళ్లీ తికమక పెడుతుంది. ఆర్మీ లెఫ్టినెంట్‌కి సాటి నేవీలో సబ్ లెఫ్టినెంట్, ఎయిర్‌ఫోర్స్‌లో ఫ్లయింగ్ ఆఫీసర్.

ఈ తేడా పని నుంచి వచ్చింది. నేల మీద కెప్టెన్ అంటే ఒకప్పుడు ఒక కంపెనీకి, అంటే వంద మందికి అటూ ఇటుగా ఉండే దళానికి నాయకుడు. సముద్రంలో కెప్టెన్ అంటే మొత్తం ఓడకే పెద్ద. అందుకే చిన్న ఓడని నడిపే ఆఫీసర్ ర్యాంకు తక్కువైనా, ఆ ఓడలో అందరూ ఆయన్ని కెప్టెన్ అనే అంటారు.

పేరు వదిలేసి భుజం చూడండి. ఆర్మీ కెప్టెన్‌కి మూడు నక్షత్రాలు ఉంటాయి. నేవీ కెప్టెన్‌కి నాలుగు బంగారు పట్టీలు, పైదానికి ఒక చుట్ట.