యాడ్‌సెన్స్‌లో ఆగిన డబ్బు: ఏళ్ల వాడకం తర్వాత నా సమీక్ష

మా ఆవిడ యూట్యూబ్‌లో కోనసీమ వంటల ఛానెల్ నడుపుతుంది. వంటా మాటా ఆమెవి, యాడ్స్ డబ్బు చెల్లించే గూగుల్ యాడ్‌సెన్స్ కాగితాల గోల నాది. 2021 నుంచి ఆ లెక్కలు నేనే చూస్తున్నాను. డబ్బు ఇవ్వడంలో యాడ్‌సెన్స్‌కి వంక పెట్టలేను. నెల డబ్బు 21 నుంచి 26 తేదీల మధ్య వదులుతారు, నాలుగైదు రోజుల్లో బ్యాంకులో పడుతుంది. కాకపోతే ఆ డబ్బుకి ముందు కొన్ని గేట్లు ఉన్నాయి. ఒక్కటి మూసి ఉన్నా ఆ నెల పైసా కదలదు.

కనీసం 100 డాలర్లు జమైతేగానీ చెల్లింపు ఉండదని అందరికీ తెలుసు. 10 డాలర్లు దాటగానే గుర్తింపు, చిరునామా రుజువు చేసుకోమంటారని చాలామంది పట్టించుకోరు. చెల్లింపుని ఆపే హోల్డ్ ఏదున్నా 20వ తేదీలోపు తొలగాలి. 21న తొలగితే డబ్బు పై నెలకి పోయినట్టే.

చిరునామా కోసం ఆరంకెల పిన్ పోస్టులో పంపుతారు. మామూలు పోస్టు, ట్రాకింగ్ ఉండదు. రెండు నుంచి నాలుగు వారాలు పడుతుందంటారు. మా లంక ఊళ్లలో డోర్ నంబరు చూసి ఇల్లు కనిపెట్టేవాళ్లు తక్కువ, ఇంటిపేరు చెబితే చాలు. అందుకని చిరునామా రెండో వరుసలో రామాలయం వెనక వీధి అని కూడా రాశాను. గోదారి వరద తగ్గాక పోస్ట్‌మ్యాన్ వచ్చి, "మాస్టారూ, ఇదేదో ఇంగ్లీషు కార్డండీ, అమ్మగారి పేరు మీదుంది" అన్నాడు. చూస్తే అరచేతిలో పట్టేంత తెల్ల కార్డు. కరెంటు బిల్లనుకుని బల్ల మీద పడేసే రకం. నాలుగు నెలల్లో పిన్ కొట్టకపోతే యాడ్స్ ఆపేస్తారు కాబట్టి పోస్ట్‌మ్యాన్‌కి ముందే ఒక మాట చెప్పి ఉంచడం మంచిది.

పేరు దగ్గర మనవాళ్లకి పెద్ద చిక్కు. మా ఆవిడ పాన్ కార్డులో ఇంటిపేరు పూర్తిగా ఉంది, బ్యాంకు పాస్‌బుక్‌లో ఒక్క అక్షరమే. గుర్తింపు తనిఖీకి పెట్టే కార్డు మీది పేరు, పేమెంట్ ప్రొఫైల్‌లో పేరు, బ్యాంకు ఖాతా పేరు కలవాలి. మేము ప్రొఫైల్‌లో పాన్ మీద ఉన్నట్టే పెట్టి, పాన్ జిరాక్స్ ఇచ్చి పాస్‌బుక్‌లో పేరు మార్పించాం. బ్యాంకులో ఆ పనికి చాలాసార్లు తిరగాల్సి వచ్చింది, అది వేరే కథ.

ఇక అసలు సంగతి అమెరికా పన్ను ఫారం. మేము అమెరికా వెళ్లలేదు, అక్కడ పన్నేమిటని మా బావమరిది వాదన. పన్ను మన ఊరిని బట్టి కాదు, వీడియో ఎక్కడ చూశారన్నదాన్ని బట్టి. పులస పులుసు, పనసపొట్టు కూర మన ఊళ్లో వాళ్లకంటే డల్లాస్‌లో ఉన్న తెలుగువాళ్లే ఎక్కువ చూస్తారు. 2021 జూన్ నుంచి యూట్యూబ్ ఆదాయంలో ఆ భాగానికి అమెరికా పన్ను కోస్తున్నారు.

లెక్క వేసి చూద్దాం. నెలకి 150 డాలర్లు వచ్చాయి, అందులో 40 అమెరికా ప్రేక్షకుల వల్ల అనుకోండి. ఫారం అసలు ఇవ్వకపోతే మొత్తం ఆదాయం మీద 24 శాతం దాకా కోయవచ్చు, అంటే 36 డాలర్లు. ఫారం ఇచ్చి, భారత్-అమెరికా పన్ను ఒప్పందం ప్రయోజనం అడగకపోతే 40 మీద 30 శాతం, 12 డాలర్లు. అడిగితే 15 శాతమే, అంటే 6.

వ్యక్తులకి W-8BEN ఫారం. పేమెంట్ సెట్టింగ్స్‌లో "United States tax info" దగ్గర మొదలవుతుంది. విదేశీ పన్ను నంబరు అడిగిన చోట పాన్ కొట్టాలి. భారత్‌తో పన్ను ఒప్పందం ఉందా అంటే అవునని, సినిమా-టీవీ, ఇతర కాపీరైట్ వరుసల్లో ఆర్టికల్ 12, 15 శాతం ఎంచుకోవాలి. ఆ గడులు వదిలేసినా ఫారం ఆమోదం పొందుతుంది, పచ్చ టిక్కు పడుతుంది. అందుకే 30 శాతం పోతున్నా చాలామందికి తెలియదు. పేజీలో రేటు ఎంతని రాసిందో చదవండి, టిక్కు చూసి ఊరుకోవద్దు.

ఇంకోటి, ఈ ఫారం శాశ్వతం కాదు. సంతకం పెట్టిన ఏడాది తర్వాత మూడో ఏడాది డిసెంబరు 31తో చెల్లుబాటు పోతుంది. 2021లో ఇచ్చినవాళ్లది 2024తో ముగిసింది. మెయిల్ వస్తుందిగానీ ఆఫర్ల మెయిళ్ల మధ్య కనపడదు. నేను గోడ క్యాలెండర్ మీద రాసుకుంటాను.

నా మార్కులు: చెల్లింపుకి అయిదుకి నాలుగున్నర, వివరించే తీరుకి రెండు. కోసిన పన్నుకి 1042-S అనే పత్రం వస్తుంది. దాన్ని ఆడిటర్‌కి ఇస్తే ఇక్కడి రిటర్నులో ఆ పన్నుకి క్రెడిట్ అడుగుతారు. పై లెక్కలో చేతికి 144 వచ్చినా, రిటర్నులో ఆదాయంగా చూపాల్సింది 150.