లేబుల్ చెడకుండా సాయంత్రపు ఎండ: మొత్తం ప్రాంప్టా, సొంత ఫోటోనా?

పర్లాకిమిడి, రాయగడ వైపు తేనె, జీడిపప్పు, పచ్చళ్లు అమ్మేవాళ్లంతా నన్ను ఒకటే అడుగుతున్నారు. ఏఐతో సాయంత్రం ఎండలో తీసినట్టు ఫోటో కావాలంటే మొత్తం ప్రాంప్ట్‌తోనే చేయించాలా, సొంత ఫోటో ఇచ్చి వెనకాల మాత్రం మార్పించాలా అని. మొన్న మా బావ తేనె సీసాకి రెండూ చేసి చూశాను.

వెలుగు సంగతైతే మొత్తం ప్రాంప్ట్‌దే పైచేయి. గాజు అంచున బంగారు గీత, లోపల తేనె మెరుపు, వెనక మసక కొండలు, అన్నీ ఒకే ఎండలో ఉన్నట్టు కుదురుతాయి. కానీ బావ లేబుల్ మీద పైన తెలుగు, కింద ఒడియా. పెద్ద ఇంగ్లీషు అక్షరాలు చాలావరకు బాగానే వస్తాయి గానీ మన ఒత్తుల దగ్గరికి వచ్చేసరికి, దూరం నుంచి తెలుగులాగే ఉంటుంది, చదవబోతే ఏమీ ఉండదు. ఒడియాదీ అదే గతి. పైగా 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరు బదులు తనకి తోచిన అంకెలు వేసింది. దాంతో ఎలా అమ్ముతాం? నా మటుకు అక్కడే తేలిపోయింది.

సొంత ఫోటోతో చిక్కు వేరు. నీడలో తీసిన సీసా వెనక ఎండ పెడితే అతికించినట్టు కనిపిస్తుంది, ఎందుకంటే సీసా అంచుకి ఆ ఎండ తగల్లేదు. అందుకే రెండు విడతలు చేశాను. మొదట సీసాని వదిలేసి వెనకాల మొత్తం మార్పించాను. తర్వాత గాజు అంచు వెంబడి సన్నటి పట్టీకి మాత్రమే, ఇక్కడే మార్చమని చూపించే మాస్క్ వేసి, లేబుల్‌ని తాకకుండా, పాత బొమ్మని ఎంత మార్చాలో చెప్పే Denoising strength 0.4 దగ్గర పెట్టి మళ్లీ గీయించాను. బాగా పెంచితే సీసా ఆకారమే మారింది, మరీ తగ్గిస్తే వెలుగు రాలేదు. ప్రాంప్ట్ ఇది:

```
low evening sun behind left,
thin warm rim light on glass edge,
distant hills out of focus
```

మసక కోసం f/1.4 లాంటి కెమెరా లెన్స్ అంకెలు రాయకండి. సీసా కింద చెక్క కూడా మసకబారి సీసా గాల్లో తేలినట్టుంటుంది. కొండలు దూరంగా ఉన్నాయని చెబితే చాలు. చివర్లో అసలు ఫోటోలోని లేబుల్‌ని పై లేయర్‌గా పెట్టండి, మాస్క్ బయట ఉన్నా చిన్న అక్షరాలు ఒక్కోసారి మెత్తబడతాయి. ఆ లేయర్‌కి కాస్త పసుపు కలిపితే వెలుగులో కలిసిపోతుంది. తర్వాత 100% జూమ్‌లో నంబరు ఒక్కో అంకె చదువుకోండి.

"లేబుల్ మార్చకు" అని మాటల్లో చెప్పి ఎడిట్ చేయించే పద్ధతీ ఉంది, పెద్ద పేరు నిలుస్తుంది, చిన్న అక్షరాలకి నమ్మకం లేదు. ఖాళీ లేబుల్‌తో చేయించి ప్రింట్ ఫైల్ అతికించడం అట్టపెట్టెలకి సరే, గుండ్రటి సీసాకి చాకిరీ.

జీడిపప్పు ప్యాకెట్‌కి మాత్రం నా పద్ధతి సగమే పనిచేసింది. మెరిసే కవరు మీద మా గది ట్యూబ్‌లైట్ అలాగే కనిపిస్తోంది, దాన్ని వరండాలో మళ్లీ తీయాల్సిందే.