కూపే దొరికితే స్వర్గమే: మా బుజ్జితో విశాఖ ప్రయాణాలు

రైల్లో ఫస్ట్ ఏసీ కూపేలో, అంటే రెండు బెర్తుల గదిలో, కుక్కను తీసుకెళ్లడం అంత సుఖం ఇంకోటి లేదని మొన్నటిదాకా అందరికీ చెప్పాను. తలుపు వేసుకుంటే ఇద్దరం మనుషులం, మధ్యలో మా బుజ్జి. కారులో ఆయాసపడే కుక్క రైల్లో హాయిగా నిద్రపోతుంది. ఇప్పటికీ అదే మాట అంటాను, కాకపోతే 'దొరికితే' అని కలుపుతాను.

చిక్కేంటంటే, టికెట్ కన్ఫర్మ్ అయినా కూపే వచ్చిందో, నాలుగు బెర్తుల క్యాబిన్‌లో పడ్డామో చార్ట్ తయారయ్యాకే తెలుస్తుంది. ఇద్దరికీ ఒకే పీఎన్ఆర్ మీద టికెట్ తీసి, కూపే కావాలని రైల్వే కమర్షియల్ విభాగానికి ముందే అర్జీ పెడతాం. అది విన్నపమే, హామీ కాదు.

పోయిన వేసవిలో క్యాబిన్ వచ్చింది, తోడు ఇద్దరు అపరిచితులు. పార్శిల్ ఆఫీసులో గుమస్తా టికెట్ చూసి, కూపే గానీ మొత్తం క్యాబిన్ గానీ మీదైతేనే కుక్కను బుక్ చేస్తానన్నాడు. నిబంధన అదే. బుక్ చేయకుండా ఎక్కిస్తే లగేజీ చార్జీకి ఆరు రెట్లు కట్టాలి. ఇక మిగిలిన దారి గార్డు పక్కన ఉండే కుక్కల పెట్టె. ఆ ఇనప గూట్లో రాత్రంతా బుజ్జిని ఉంచడం మావల్ల కాదు. రైలు ప్లాట్‌ఫాం మీదికి రాగానే మా ఆయన టీటీఈని పట్టుకున్నారు. టీటీఈ చార్ట్ తిరగేసి, కూపేలో ఉన్న పెద్దాయన దంపతులను అడిగారు. "మాకేంటమ్మా, ఎక్కడైనా పడుకోవడమేగా" అని ఆవిడ సంచి సర్దేసింది. టీటీఈ టికెట్ మీద మార్పు రాసిచ్చాక పార్శిల్ ఆఫీసుకు పరుగు. రసీదు చేతికొచ్చేసరికి సిగ్నల్ పడింది. ఆ టెన్షన్ వరంగల్ దాటినా తగ్గలేదు.

ఇక 'ఆ పని' సంగతి. రాత్రి విజయవాడలో రైలు కాస్త ఎక్కువసేపు ఆగుతుంది కాబట్టి అక్కడే దింపుతాం. మొదట్లో సిమెంటు నేల మీద అసలు కూర్చునేది కాదు. ఇంట్లో గుమ్మం ముందు వాడిన పాత గోనెపట్ట తీసుకెళ్లి పరిస్తే వాసన చూసి వెంటనే పని కానిచ్చింది. తర్వాత దాన్ని కవర్లో చుట్టేస్తాం. ఎక్కడానికి మూడు నాలుగు గంటల ముందే తిండి పెట్టేస్తే ఆ ఒక్క ఆగుడూ సరిపోతుంది.

చలికాలమైతే కారే నయం. సూర్యాపేట దగ్గర ఆగి మట్టి నేల మీద కాసేపు తిప్పొచ్చు. ఎండాకాలంలో తారు మీద అరచేయి వెనక భాగం కాసేపు ఆన్చలేకపోతే, కుక్క పాదాలూ కాలుతున్నట్టే.

మేమిద్దరం కలిసే వెళ్తాం, తేదీలు అటూ ఇటూ జరపగలం, అందుకే ఇది మాకు నప్పింది. పెళ్లి ముహూర్తానికి చేరాల్సినవాళ్లయితే చార్ట్ మీద భరోసా పెట్టుకోకండి.