ఏరియర్స్ నెల స్లిప్ ముంచింది, రెండో ఉత్తరం తేల్చింది

పర్సనల్ లోన్ తిరస్కరించిన బ్యాంకుకు నేను రాసిన అప్పీలు ఉత్తరం గురించి ఇది. లోన్ వచ్చి ఏడాదిన్నర దాటింది, ఈఎంఐలు నడుస్తున్నాయి. ఉత్తరం పనిచేసింది, కానీ రెండోసారి రాస్తేగానీ కాదు.

తిరస్కరణకు కారణం 'ఆదాయం చాలదు'. నా చేతికొచ్చే జీతం 100 అనుకోండి. పాత ఈఎంఐలకే 30 పోయేది, కొత్తది 25. మొత్తం 55. ఆ బ్యాంకు 50 దాటనివ్వదట. సరిగ్గా అప్పుడే ప్రమోషన్ వచ్చి జీతం 120 అయింది. పాత నెలల తేడా అంతా కలిపి ఒకేసారి పడటంతో ఆ నెల స్లిప్పులో 190 కనబడింది. సంబరంగా దాన్నే జతచేసి, పిల్లల చదువు, ఇంటి కష్టాలు రెండు పేజీలు రాసి ఇచ్చాను. మళ్లీ తిరస్కరించారు.

వెళ్లి అడిగితే ఆఫీసర్ స్లిప్పులో ఏరియర్స్ వరుస మీద పెన్ను పెట్టి, "ఇది వచ్చే నెల రాదు కదా టీచర్ గారూ" అన్నారు. నిజమే. వాళ్లకు కావాల్సింది ప్రతి నెలా వచ్చే జీతం. నేనిచ్చిన కాగితాల్లో అదెంతో తెలిసే దారే లేదు.

రెండు నెలలు ఆగాను. ఈసారి ఒక్క పేజీ. అసలు మాట ఇంతే: "నా దరఖాస్తును ఆదాయం చాలదని తిరస్కరించారు. ప్రమోషన్ తర్వాత నా నికర జీతం పెరిగింది. ఏరియర్స్ కలపకుండా లెక్కిస్తే, కొత్త ఈఎంఐతో సహా నా వాయిదాలు జీతంలో 46 శాతం. దయచేసి పునఃపరిశీలించగలరు." పైన దరఖాస్తు నంబరు, కింద జతపత్రాల జాబితా: కొత్త జీతం ఖరారు చేసిన ఉత్తర్వు, ఏరియర్స్ లేని రెండు నెలల స్లిప్పులు, హెడ్మాస్టర్ సంతకం చేసిన జీతం సర్టిఫికెట్, బ్యాంక్ స్టేట్‌మెంట్. స్టేట్‌మెంట్‌లో జీతం పడిన వరుసల కింద పెన్సిల్‌తో గీత గీశాను. స్లిప్పులో ఉన్న నికర జీతం, ఖాతాలో పడింది పైసాతో సహా కలిసింది. కలవకపోతే ఆఫీసర్ ముందు అడిగేది దాని గురించేనట.

ఆ సంతోషంలో స్టాఫ్‌రూమ్‌లో అడిగినవాళ్లందరికీ ఈ ఉత్తరం నకలు ఇచ్చాను. ఇప్పుడైతే అంత ధీమాగా ఇవ్వను. ఒక సహోద్యోగికి తిరస్కరణ వచ్చింది పాత వాయిదాలు ఆలస్యంగా కట్టినందుకు. ఆయన ఎన్ని జీతం స్లిప్పులు పెట్టినా ఆ సంగతికి జవాబు కాలేదు. నాకు కూడా అడిగినంత రాలేదు, కొంత తగ్గించే ఇచ్చారు.

నాది పర్మనెంటు ఉద్యోగం, జీతం పడేది అదే బ్యాంకులో. జీతం చేతికి నగదుగా తీసుకునే టీచరుకు ఈ ఉత్తరం ఎంతవరకు పనికొస్తుందో, నేనైతే హామీ ఇవ్వలేను.