పర్లాకిమిడి వానలకు తట్టుకున్న స్టోరు గది: దీర్ఘకాలం వాడాక సమీక్ష

ఐదుగురున్న ఇంటికి, రోజుకి కిలో బియ్యం ఖర్చు లెక్కన వేసిన చిన్న స్టోరు గది ఇది. ఇక్కడి వానాకాలాలు చాలా చూసింది. బాగా నిలిచినవి అరలు కాదు, డబ్బాల లెక్క. ప్రతి సరుక్కీ రెండు డబ్బాలు: ఒకటి నడిచేది, ఒకటి నిల్వది. నడిచే డబ్బా పూర్తిగా ఖాళీ అయ్యేదాకా నిల్వది ముట్టుకోకూడదు.

బియ్యం దగ్గర ఈ పద్ధతి విలువ బాగా తెలుస్తుంది. ముక్కుపురుగు గుడ్డు గింజ లోపల పెడుతుంది. పిల్ల పురుగు గింజను లోపలే తిని పెరిగి బయటికి రావడానికి మన వేడికి, తేమకి సుమారు నెల పడుతుంది. కాబట్టి కొన్నప్పుడు శుభ్రంగా కనిపించిన బస్తాలో కూడా గుడ్లు ఉండొచ్చు. రోజుకి కిలో చొప్పున 25 కిలోల బస్తా 25 రోజుల్లో అయిపోతే, అవి బయటపడేలోపే బియ్యం వండేసి ఉంటాం. అడుగున మూడు కిలోలు ఉండగానే కొత్త బస్తా పైన పోస్తే, ఆ మూడు కిలోల్లోని పురుగు కొత్తదాంట్లోకి దిగుతుంది. ఇక ఆ డబ్బాలో పురుగు పోదు. ఖాళీ అయిన డబ్బాని కడిగి, ఎండలో బాగా ఆరబెట్టి, అంచు మడతలో ఇరుక్కున్న గింజలు దులిపాకే కొత్తది పోయాలి.

రోజుకి అరకిలోనే వండే ఇంట్లో ఇదే బస్తా యాభై రోజులు వస్తుంది, రెండో సగానికి పురుగు తప్పదు. అలాంటివాళ్లకి 10 కిలోల సంచులే మేలు, కిలో మీద రూపాయో రెండో ఎక్కువైనా సరే. వేపాకు వేసినా గింజ లోపలి గుడ్డు చావదు. పచ్చి ఆకు వేస్తే తేమ అదనం.

డ్రమ్ము కొలత: బియ్యం లీటరుకి సుమారు 800 గ్రాములు తూగుతాయి. అంటే 25 కిలోలకి 31 లీటర్ల పైన చోటు కావాలి. అడ్డం 32, ఎత్తు 45 సెంటీమీటర్లున్న స్టీలు డ్రమ్ములో 36 లీటర్లు పడతాయి, చెయ్యి పెట్టి తీసుకోవడానికి చోటు మిగులుతుంది. కొట్టువాడు "పాతిక కిలోలది" అన్నా టేపు పెట్టి చూసుకోండి.

డ్రమ్ములు రెండూ ఇనుప స్టాండు మీద, నేలకి అరడుగు ఎత్తులో, బయటిగోడకి నాలుగు వేళ్ల ఎడంగా ఉండాలి. గోడకి ఆనించి పెడితే జూలై నుంచి అక్టోబరు దాకా చెమ్మ ఎక్కి, గోడవైపు బియ్యం ముద్దకడతాయి, ముక్క వాసన వస్తుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఈ చుట్టుపక్కలే తీరం దాటింది. నేలమీద బస్తా పెట్టే అలవాటున్న ఇళ్లకి స్టాండు విలువ వేరే చెప్పక్కర్లేదు.

పప్పులకి అరల లోతు అడుగు చాలు. అడుగున్నర లోతు అర చూడ్డానికి బాగుంటుంది గానీ, వెనక వరసలో ఏముందో పండక్కి దులిపినప్పుడే తెలుస్తుంది. ముందు వరస నడిచేవి, వెనక వరస నిల్వవి, అంతకుమించి మూడో వరస వద్దు. డబ్బా మూత మీద కాకుండా ముందువైపు, కొన్న నెల రాసిన కాగితం అంటించాలి. పొట్టుతో ఉన్న పెసలు, అలసందలు, ఉలవల మీద తెల్లటి చుక్కలు కనిపిస్తే అవి పుచ్చుపురుగు గుడ్లు. గుండ్రటి రంధ్రం ఉంటే పురుగు అప్పటికే బయటికొచ్చేసింది. కొనగానే కిలో పొట్లాలు కట్టి, మైనస్ 18 డిగ్రీల్లో నడిచే డీప్‌ ఫ్రీజర్‌లో నాలుగు రోజులు ఉంచితే గుడ్లు కూడా చస్తాయి. తీశాక పొట్లం గది వేడికి వచ్చేవరకు విప్పకూడదు, విప్పితే గింజల మీద నీటిచెమ్మ దిగుతుంది. బస్తా బియ్యానికి ఈ ఉపాయం సాగదు, ఫ్రీజర్‌లో అంత చోటుండదు.

మసాలాలకి రెండు డబ్బాల లెక్క మార్చాలి. నిల్వ డబ్బా అరలో పెట్టకుండా ఫ్రిజ్‌లో పెట్టాలి, ఎందుకంటే కారం, ధనియాల పొడి వేడికీ వెలుతురుకీ రంగు, వాసన కోల్పోతాయి. స్టవ్‌ పక్కన అయితే ఇంకా తొందరగా. బయట 250 గ్రాములకి మించి వద్దు. ధనియాలు, పసుపుకొమ్ములు, ఎండుమిర్చి పాకెట్టుకి సూదిబెజ్జాల్లాంటి రంధ్రాలు, అడుగున సన్నటి పొడి కనిపిస్తే మసాలా పురుగు పట్టిందని గుర్తు. అది ప్లాస్టిక్ సంచిని కొరికి బయటికొస్తుంది, కాబట్టి ఆ సంచిని గాజుసీసాలోకి మార్చకముందే పారేయాలి.

నచ్చనిది ఒక్కటి: లాగే తీగబుట్టలు. బరువుకి చట్రాలు వంగుతాయి, ఇక్కడి తేమకి తుప్పు పట్టి సగంలో ఆగిపోతాయి. వాటిచోట కడప బండ అర వేసుకుంటే చవక. చింతపండు మాత్రం స్టీలు డబ్బాలో పెట్టకండి, పులుపూ ఉప్పూ కలిస్తే స్టీలు మీద మచ్చలు పడతాయి. ఉప్పు కలిపి జాడీలోనే ఉంచాలి.