483 రూపాయల బిర్యానీకి 690 కట్టిన: యాప్ బిల్లు విప్పి చూడకుండా పే నొక్కకండి

నల్లగొండలో యాప్‌లో తిండి తెప్పించుకునే వాళ్లు ఇది జర ఓపికగా చదవండి. యాప్ పేరు, హోటల్ పేరు రాయడం లేదు. ఏ యాప్ అయినా బిల్లు కట్టే పద్ధతి ఇంచుమించు ఒక్కటే కాబట్టి పేరుతో పని లేదు.

పోయిన ఆదివారం రాత్రి రెండు చికెన్ బిర్యానీలు, అమ్మ కోసం ఒక పెరుగన్నం ఆర్డర్ పెట్టిన. మా ఇల్లు హైదరాబాద్ రోడ్డు వైపు, హోటల్ కూడా అటే, బండి మీద ఐదారు నిమిషాలు. మధ్యలో క్రికెట్ నడుస్తుంది, పిల్లగాడు ఆకలి ఆకలి అంటున్నడు. పైన 60 రూపాయలు తగ్గింది అని పచ్చరంగులో కనిపించేసరికి సంతోషంగా పే నొక్కేసిన. కట్టింది 690.

ముప్పావు గంట తర్వాత డెలివరీ తమ్ముడు ఫోన్ చేసిండు. "అన్నా, నేను పానగల్ల గుడి కాడ ఉన్న, మీరు యాడ?" అన్నడు. నాకు అర్థం కాలేదు. మేం పానగల్లు ఇల్లు ఖాళీ చేసి నాలుగు నెలలాయె. ఆ పిలగాడు పాపం ఊరు దాటి అటు పోయి, మళ్లీ మొత్తం తిరిగి ఇటు వచ్చిండు. బిర్యానీ చల్లారింది సరే, అంత దూరం తిప్పినమే అని జేబులోంచి ఇరవై తీసి ఇయ్యబోయిన. వాడు తీసుకోలేదు. "యాప్ల ముప్పై టిప్ ఏసిండ్రు గదన్నా, మళ్ల ఎందుకు?" అన్నడు.

నేను టిప్పే వేయలేదు! ఆ ఒక్క మాటతో తిండి పక్కన పెట్టి బిల్లు విప్పిన.

లెక్క ఇట్లుంది. బిర్యానీ ఒకటి 229, రెండు 458. పెరుగన్నం 99. మొత్తం 557, అందులో 60 తగ్గించి 497. దీనికి ప్యాకింగ్ 45. ఈ 542 మీద జీఎస్టీ 5 శాతం, 27 రూపాయల 10 పైసలు. డెలివరీ 38, దూరం ఎక్కువని ఇంకో 24, ప్లాట్‌ఫామ్ ఫీజు 15. ఈ మూడు కలిపి 77, దాని మీద 18 శాతం జీఎస్టీ, 13 రూపాయల 86 పైసలు. చివర టిప్ 30. అన్నీ కలిపితే 689.96.

తెల్లారి పనిమీద అటే పోతూ ఆ హోటల్ కౌంటర్ దగ్గర ఆగి గోడ మీది ధరల బోర్డు చూసిన. బిర్యానీ 190, పెరుగన్నం 80. అంటే అవే మూడు చేతిలో పట్టుకొని వస్తే 460, జీఎస్టీతో 483. యాప్‌లో ధరలే 97 రూపాయలు ఎక్కువ వేసి, అందులోంచి 60 తగ్గించి మనకు పండగ చేసిండ్రు. ఎందుకట్ల అని కౌంటర్ మీద కూర్చున్న పెద్దమనిషిని అడిగిన. "యాప్ వాడు మా బిల్లుల కమీషన్ కోస్తడు గద, అది యాడికెల్లి తేవాలె?" అన్నడు. మాటలో అబద్ధం లేదు. కానీ ఆ కమీషన్ చివరికి కడుతున్నది నేనని నాకెవరూ చెప్పలేదు.

ప్యాకింగ్ 45 సంగతి కూడా ఆయన్నే అడిగిన. ఈ పైసలు యాప్‌కు పోవు, హోటల్‌కే పోతాయి, ఎంత అన్నది కూడా హోటలే పెట్టుకుంటది. ఇక్కడ చూడాల్సింది ఏంటంటే, ఈ హోటల్ వాళ్లు ఆర్డర్‌కు ఇంత అని కాకుండా ఒక్కో ఐటంకు 15 పెట్టుకున్నరు. మూడు ఐటంలు, మూడు పదిహేనులు. నాకు వచ్చింది రెండు వెండిరంగు కాగితం పొట్లాలు, ఒక పల్చటి ప్లాస్టిక్ డబ్బా, అన్నిటికీ కలిపి ఒకే కవర్. రెండు సింగిల్ బిర్యానీలకు బదులు అదే హోటల్లో ఇద్దరికి సరిపోయే పెద్ద ప్యాక్ చెప్పి ఉంటే ఒక పదిహేను తగ్గేది. మీరు నాలుగు రోటీలు, రెండు కూరలు విడివిడిగా చెప్తే ఇది ఎంత అయితదో ఆలోచించండి. రోటీకి కూడా విడిగా ప్యాకింగ్ వేసే హోటళ్లు ఉన్నయి. ఈ అంకె కొన్నిసార్లు బిల్లులో విడిగా కూడా కనపడదు, జీఎస్టీతో కలిపి ఒకే వరుసలో ఉంటది. ఆ వరుస మీద వేలు పెడితేనే లోపలిది బయటికొస్తది.

ఇక దూరం. ఇందులో సగం తప్పు నాదే, ఒప్పుకుంటున్న. ఇల్లు మారినంక యాప్‌లో కొత్త ఇంటి నంబరు, కాలనీ పేరు రాసిన గానీ, మ్యాప్ మీద గుర్తు మాత్రం పాత ఇంటి మీదనే ఉండిపోయింది. మనం అక్షరాల్లో రాసిన అడ్రస్‌ను యాప్ చూడదు. ఆ గుర్తు ఎక్కడుంటే అక్కడికి రోడ్డు వెంట ఎంత దూరమో లెక్కగట్టి పైసలు వేస్తది. రెండు కిలోమీటర్లు ఉన్నదాన్ని 6.4 కిలోమీటర్లు అని చూపించి 24 అదనంగా వేసింది. చిత్రమేంటంటే ఆ 6.4 అన్న అంకె హోటల్ పేరు కిందనే, ఇంత చిన్న అక్షరాల్లో ఉంది. మీ ఇంటి పక్క హోటల్ ఐదారు కిలోమీటర్లు చూపిస్తే ఆర్డర్ పెట్టకముందే అనుమానించండి. అడ్రస్‌ను దిద్దడం కాదు, మ్యాప్ తెరిచి గుర్తును వేలితో జరిపి మీ ఇంటి కప్పు మీద పెట్టాలి. ఇంకో మాట, డెలివరీ ఫ్రీ అని నెలకింత కట్టి మెంబర్‌షిప్ తీసుకున్న వాళ్లు కూడా షరతులు చదవండి. ఆ ఫ్రీ ఇన్ని కిలోమీటర్ల లోపల, ఇంత బిల్లు దాటితేనే అని రాసి ఉంటది. దూరం దాటితే అదనపు చార్జీ మెంబర్‌కు కూడా పడొచ్చు.

ప్లాట్‌ఫామ్ ఫీజు గురించి ఎక్కువ చెప్పేది లేదు. అది యాప్ వాడుకున్నందుకు యాప్ తీసుకునేది. 2023లో పెద్ద యాప్‌లు దీన్ని 2 రూపాయలతో మొదలుపెట్టినయి. 100 రూపాయల టిఫిన్‌కూ అంతే, 1000 రూపాయల ఆర్డర్‌కూ అంతే, కాబట్టి చిన్న ఆర్డర్లకే గట్టిగా తగుల్తది. ఇక జీఎస్టీ అంతా ఒక్కటే రేటు అనుకోకండి. తిండికి, ప్యాకింగ్‌కు 5 శాతం, అది 2022 జనవరి 1 నుంచి హోటల్ బదులు యాపే ప్రభుత్వానికి కడుతుంది. యాప్ ఫీజు మీద 18 శాతం. డెలివరీ చార్జీ మీద కూడా 2025 సెప్టెంబర్ 22 నుంచి 18 శాతం పడుతుంది. అందుకే దూరం పేరుతో వేసిన 24 నాకు నిజానికి 28 దాటింది.

అసలు కోపం తెప్పించింది టిప్. పాత ఆర్డర్లు ఒక్కొక్కటి తెరిచిన. వానలు కొట్టినప్పుడు ఒక రాత్రి తడుసుకుంటూ వచ్చిన పిల్లగానికి ఇష్టపడే 30 వేసిన. ఆ టిప్ అంకెల కిందనే "ఇక మీదట ప్రతి ఆర్డర్‌కు ఇంతే" అన్న అర్థం వచ్చే చిన్న గడి ఒకటి ఉందట, అందులో ముందే టిక్ పెట్టి ఉందట. నేను చూడలేదు. ఆ తర్వాత పది ఆర్డర్లలో పదింటికీ 30 పోయింది. 300 రూపాయలు! ఒకసారైతే 110 రూపాయల ఇడ్లీ వడకు కూడా 30 టిప్ పోయింది. మా ఆవిడ నవ్వింది, "ఇంట్ల కూరగాయలకు ఐదు రూపాయలు బేరమాడుతవు" అని.

టిప్ ఇవ్వొద్దని నేను అనట్లేదు. ఆ తమ్ముడే చెప్పిండు, "బిల్లుల ప్యాకింగ్, ప్లాట్‌ఫామ్ పైసలు మాకు రావన్నా, టిప్ ఒక్కటే మాకొస్తది" అని. అసలు ఇన్నింటిలో మనస్ఫూర్తిగా కట్టబుద్ధయ్యేది అదొక్కటే. కానీ ఇచ్చేది నేనైనప్పుడు ఇస్తున్నట్టు నాకు తెలియాలి కదా.

మరునాడు యాప్ చాట్‌లో కూర్చున్న. ముందు 50 రూపాయల కూపన్ ఇస్తమన్నరు. వద్దు, ఏ యూపీఐలోంచి పోయినయో అందులోకే రావాలె అన్న. చాలాసేపటికి చివరి ఆర్డర్ టిప్ 30 మాత్రం వెనక్కి వేసిండ్రు, మిగతా 270 పాత ఆర్డర్లవి కాబట్టి కుదరదన్నరు. దూరం చార్జీ అసలే ఇయ్యమన్నరు, గుర్తు మీరే తప్పు పెట్టుకున్నరు అని. దానికి నేను కూడా ఎక్కువ వాదించలేదు.

270 కోసం మాత్రం 1915కు ఫోన్ చేసిన. ఇది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులో మాట్లాడొచ్చు. ముందే స్క్రీన్‌షాట్లు పెట్టుకోండి: విప్పిన బిల్లు, ఆర్డర్ నంబరు, చాట్‌లో వాళ్లు కుదరదన్న మాట. మొత్తం అంకె ఒక్కటి కనపడే స్క్రీన్‌షాట్ పనికిరాదు, వరుసలన్నీ కనపడాలి. నేను పట్టుకున్న పాయింటు ఇది. కేంద్ర వినియోగదారుల పరిరక్షణ సంస్థ 2023 నవంబర్ 30న డార్క్ ప్యాటర్న్స్ మీద మార్గదర్శకాలు తెచ్చింది, మొత్తం 13 రకాల మాయలను అందులో పేరు పెట్టి నిషేధించింది. కొనేవాడి అనుమతి లేకుండా బిల్లు కట్టేటప్పుడు ఇంకేదో చేర్చి మొత్తం పెంచడాన్ని బాస్కెట్ స్నీకింగ్ అన్నరు. ముందే టిక్ పెట్టిన టిప్ నా లెక్కలో అదే. కంపెనీ మాత్రం మీరు మొదటిసారి ఒప్పుకున్నరు కదా అంటది, అది కూడా చెప్తున్న, మీరు సిద్ధంగా ఉండాలె. హెల్ప్‌లైన్ వాళ్లు కంపెనీకి రాసి జవాబు తెప్పిస్తరు గానీ, కట్టి తీరాలని ఆర్డర్ వేసే అధికారం వాళ్లకు లేదు. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్, 5 లక్షల లోపు వాటికి ఫీజు లేదు. నాకు ఫిర్యాదు నంబరు వచ్చింది, కంపెనీ జవాబు ఇంకా రాలేదు.

మీరు ఇప్పుడే ఒక పని చేయండి. పోయిన నాలుగైదు ఆర్డర్ల బిల్లులు తెరిచి టిప్ వరుస చూడండి. ప్రతిసారీ ఒకే అంకె ఉంటే ఆ గడి మీకూ టిక్ అయి ఉన్నట్టే. కొత్త ఆర్డర్ ఒకటి ఉత్తగా బుట్టలో వేసి, చివరి పేజీ దాకా పోయి అక్కడ ఆ టిక్ తీసేసి, పే నొక్కకుండా వెనక్కి వచ్చేయండి. తర్వాత ఇంకోసారి తెరిచి నిజంగా పోయిందో లేదో చూసుకోండి. నాది మొదటిసారి పోలేదు, రెండోసారికి పోయింది.