చీటీ ఎందుకు నిలిచింది, ఎందుకు మునిగింది: నమ్మకాన్ని కొలవడమా, పరిచయాల అల్లికను లెక్కించడమా, ఆపదకు అందే చేతులను చూడటమా?

తిరుపతిలో గోవిందరాజస్వామి గుడి చుట్టుపక్కల పూలు కట్టి అమ్మే ఆడవాళ్ల చీటీ ఒకటి ఊహించుకుందాం. మనుషులూ అంకెలూ లెక్క కోసం పెట్టుకున్నవే గానీ, చీటీ నడిచే తీరు అందరికీ తెలిసిందే. నిర్వాహకురాలితో కలిపి ఇరవై మంది, నెలకు ₹5,000, లక్ష రూపాయల చీటీ. నాలుగో నెల పాటలో ఒకామె ₹30,000 తగ్గించి పాడింది, చేతికి ₹70,000 తీసుకుంది. తగ్గించిన ముప్పై వేలలో ₹5,000 నిర్వాహకురాలి కమీషన్‌కు పోగా, మిగిలిన ₹25,000 ఇరవై మందికీ తలా ₹1,250 వచ్చింది. అంటే ఆ నెల ఒక్కొక్కరు కట్టింది ₹3,750. చీటీ ఎత్తిన ఆమె మాత్రం ఇంకా పదహారు నెలలు కడుతూనే ఉండాలి. డబ్బు ముందే చేతికొచ్చేసింది కాబట్టి, ఎగ్గొట్టాలనుకుంటే ఎగ్గొట్టగలిగేది కూడా ఆమే.

ఇలాంటి రెండు చీటీల్లో ఒకటి ఇరవై నెలలూ సాఫీగా సాగి, ఇంకొకటి పదమూడో నెలకే చిక్కుల్లో పడితే, మొదటిదానికి సామాజిక మూలధనం, అంటే మనుషుల మధ్య సంబంధాల్లోంచి వచ్చే బలం, ఎక్కువ అని పరిశోధకులు రాసేస్తారు. ఎక్కువని ఎలా తెలిసిందంటే, చీటీ నిలిచింది కదా అంటారు. ఎందుకు నిలిచిందంటే మూలధనం ఎక్కువ కదా అంటారు. గానుగెద్దు తిరిగినట్టు మాట తిరిగి తిరిగి అక్కడికే వస్తుంది. 1998లో సామాజికవేత్త అలెహాండ్రో పోర్టెస్ ఎత్తిచూపింది ఈ చిక్కునే: మూలధనం ఎవరి దగ్గరుంది, ఎక్కడి నుంచి వచ్చింది, దానివల్ల ఏం దక్కింది అనే మూడు సంగతుల్నీ విడదీయకపోతే ఆ మాట ఏమీ వివరించదని.

విడదీయడానికి మన ముందు మూడు దారులున్నాయి. మూడింటికీ పేరున్న వాళ్ల సిద్ధాంతాలే ఆధారం. చీటీ పుస్తకం పక్కన పెట్టి చూస్తే మాత్రం మూడూ ఒక్క తూకం తూగవు.

మొదటిది నమ్మకం దారి. 1993లో ఇటలీ ప్రాంతాల మీద రాసినప్పుడు రాజనీతి శాస్త్రవేత్త రాబర్ట్ పట్నమ్ నమ్మకం, కట్టుబాట్లు, సంబంధాల అల్లికలు అనే మూడింటినీ కలిపి సామాజిక మూలధనం అన్నాడు. చీటీల్లాంటి వంతుల పొదుపును కూడా ఉదాహరణగా చూపాడు. ప్రాంతాలను పోల్చేటప్పుడు దీనికి ఒక ప్రయోజనం ఉంది. ఒక్క చీటీ లోపలికి తెచ్చి "మీ చీటీలో వాళ్లని నమ్ముతారా?" అని అడిగితే మాత్రం చెల్లదు. ఇరవై మందీ నమ్ముతామనే అంటారు. నమ్మనివాళ్లు అసలు చీటీలో చేరరు కదా! అందరి జవాబూ ఒకటే అయినప్పుడు ఆ జవాబుతో దేన్నీ వివరించలేం. పోనీ చీటీ మునిగాక అడిగితే? ఎవర్నీ నమ్మం అంటారు. అది మునగడానికి కారణం కాదు, మునిగినందుకు వచ్చిన ఫలితం. ప్రశ్నాపత్రంలో ఐదు మార్కుల నమ్మకం ప్రశ్న పెట్టి, సగటు తీసి, దానికి సామాజిక మూలధన సూచిక అని పేరు పెట్టిన నివేదికల్లో జరిగేది ఇదే. చీటీ విశ్లేషణకు ఈ దారిని పక్కన పెట్టేయాలని గట్టిగా చెప్పాలి.

రెండోది అల్లిక దారి. 1988లో సామాజికవేత్త జేమ్స్ కోల్‌మన్ ఒక సంగతి చెప్పాడు: నాకు తెలిసిన ఇద్దరు ఒకరికొకరు కూడా తెలిసినవాళ్లైతే, నేను తప్పు చేసినప్పుడు వాళ్లిద్దరూ కలిసి నన్ను నిలదీయగలరు. తెలిసినవాళ్లు కాకపోతే నిలదీయలేరు. ఆయన సామాజిక మూలధనాన్ని అది చేసే పనిని బట్టే నిర్వచించాడు, అందుకే గానుగెద్దు చిక్కు ఆయనకూ తగిలింది. కానీ ఈ అల్లిక అనే ముక్కను మాత్రం విడిగా తీసి లెక్కపెట్టవచ్చు. ఇక్కడ నమ్మకం ఊసే అక్కర్లేదు.

లెక్క ఇలా కట్టాలి. ఇరవై మంది ఉంటే జంటలు 190. ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టి, చీటీలో ఉన్నవాళ్ల జాబితా చదువుతూ రెండే ప్రశ్నలు అడగాలి: ఈ చీటీ మొదలవకముందే ఈమె ఇల్లు మీకు తెలుసా? చీటీ మొదలవకముందు ఆరు నెలల్లో ఈమె దగ్గర చేబదులు తీసుకున్నారా, ఇచ్చారా? "చీటీ మొదలవకముందు" అన్న మాట ప్రాణం లాంటిది. అది లేకపోతే చీటీ వల్ల ఏర్పడిన పరిచయాలను చీటీకి కారణాలుగా లెక్కేసేస్తాం. రెండు ప్రశ్నల్లో ఒక్కదానికైనా ఇద్దరూ ఔనంటేనే ఆ జంటను ఒక ముడిగా రాసుకోవాలి. ఒకరు ఔననీ ఇంకొకరు కాదనీ అంటే వదిలేయాలి. నిర్వాహకురాలిని అడిగి అందరి తరఫునా నింపేయడం అన్నిటికన్నా పెద్ద పొరపాటు. ఆమెకు అందరూ తెలుసు కాబట్టి అందరికీ అందరూ తెలుసనే అనుకుంటుంది.

ఇప్పుడు రెండు చీటీలు పక్కపక్కన పెడదాం. మొదటిదానిలో 190 జంటలకు 76 ముడులున్నాయి, అంటే 0.40. రెండోదానిలో 25 ముడులే, అంటే 0.13. ఆ 25లో 19 నిర్వాహకురాలితోనే. గొడుగు పుల్లలన్నీ నడిమి కామకు తగులుకున్నట్టు, అందరికీ ఆమె తెలుసు గానీ వాళ్లకు వాళ్లు తెలియదు. నమ్మకం ప్రశ్న అడిగి ఉంటే రెండు చీటీలూ ఒకేలా కనిపించేవి.

రెండు చీటీల్లోనూ నాలుగో నెల చీటీ ఎత్తిన ఆమె తొమ్మిదో నెల నుంచి కట్టడం మానేసిందనుకుందాం. అల్లిక గట్టిగా ఉన్నచోట ఆ వారమే నలుగురికి తెలుస్తుంది. పూల బుట్టతో ఆమె రోజూ కూర్చునే చోటే వాళ్లూ కూర్చుంటారు, ప్రోనోటు మీద హామీ సంతకం పెట్టినామె పక్క వీధిలోనే ఉంటుంది. గొడుగులాంటి చీటీలో ఎవరికీ తెలియదు. ఎందుకంటే నిర్వాహకురాలు పరువు కోసం తన చేతి డబ్బు వేసి ఆ నెల పాట నడిపించేస్తుంది. తొమ్మిది, పది, పదకొండు, పన్నెండు నెలలు అలా వేసి, పదమూడో నెల పాడుకున్నామెకు డబ్బు ఇవ్వలేక చేతులెత్తేస్తుంది. సభ్యుల చిన్న పుస్తకాలు చూస్తే పన్నెండో నెల దాకా అంతా సవ్యంగానే ఉంటుంది. అందుకని చీటీ నిలిచిందా లేదా అన్న ఒక్క ఫలితాన్ని చూడకూడదు. నిర్వాహకురాలి పుస్తకంలోంచి మూడు వరుసలు తీయాలి: కట్టాల్సిన తేదీ, కట్టిన తేదీ, ఎవరి చేతి నుంచి వచ్చింది. వాటి పక్కన నాలుగో వరుసగా, కట్టలేదన్న సంగతి నిర్వాహకురాలు కాని ఇంకో సభ్యురాలికి ఎన్నో రోజున తెలిసిందో రాసుకోవాలి. అల్లికకూ చెల్లింపుకూ మధ్య ఉన్న మెట్టు ఈ నాలుగో వరుసే. ముడులు ఎక్కువున్నా కబురు ఆలస్యంగానే చేరితే, చీటీని నిలబెట్టింది అల్లిక కాదు, వేరే ఏదో.

ఈ దారికీ ఒక హద్దుంది. అల్లిక దట్టంగా ఉండేది సాధారణంగా ఒకే పని చేసేవాళ్ల మధ్యే. మూఢం వస్తే పెళ్లిళ్లు ఆగిపోతాయి, ఆ గిరాకీ అందరికీ ఒక్కసారే పడిపోతుంది. చిత్తూరు వైపు తోతాపురి తోటల్లో కూలికి పోయేవాళ్ల చీటీ అయినా అంతే, కోతలు అయిపోతే అందరి చేతులూ ఒకేసారి ఖాళీ. అలాంటి నెలలో ఆలస్యమైన కట్టుబడులు చూసి అల్లిక పనిచేయలేదనుకుంటే పొరపాటు. కట్టగలిగీ కట్టనివాళ్లను అల్లిక నిలదీయగలదు. కట్టలేనివాళ్ల చేతికి అది డబ్బు తెచ్చి పెట్టదు. ఆ నెల ఒక్కరు ఆగారా, పదిమంది ఆగారా అన్నది చూస్తే తేడా చాలావరకు తెలుస్తుంది. పాట కూడా చెబుతుంది: అందరికీ ఒకేసారి అవసరం పడితే తగ్గింపు ఒక్కసారిగా పైకి లేస్తుంది.

మూడోది అందే చేతుల దారి. ఫ్రెంచ్ సామాజికవేత్త పియర్ బోర్దియూ 1986లో వచ్చిన వ్యాసంలో సామాజిక మూలధనం అంటే మనిషికి తన సంబంధాల ద్వారా అందుబాటులో ఉండే వనరులు అన్నాడు. అది గుంపు మంచితనం గురించిన మాట కాదు, ఎవరికి ఎంత అందుతుందన్న లెక్క. చీటీలో దీన్ని కొలవడానికి చీటీ బయటకు చూడాలి: "రేపు ఆస్పత్రికి ₹50,000 కావాలంటే, రెండు రోజుల్లో వడ్డీ లేకుండా ఇచ్చేవాళ్లు ఎవరు, ఎంతెంత ఇస్తారు?" ఇది కూడా చీటీ మొదట్లోనే అడగాలి.

ఈ ప్రశ్న ఎగవేత గురించి పెద్దగా చెప్పదు గానీ, ముందుగా పాడేది ఎవరన్నది చెబుతుంది. మన చీటీలో తగ్గింపు వాటా ఎత్తినవాళ్లతో సహా అందరికీ పంచుతున్నారు, కాబట్టి ఇరవై నెలల్లో అందరూ కట్టే మొత్తం ఒక్కటే. చేతికొచ్చేది మాత్రం ఒక్కటి కాదు. నాలుగో నెల పాడినామెకు ₹70,000. ఆఖరి నెల పోటీ ఉండదు, కమీషన్ పోను ₹95,000. ఆ ₹25,000 తేడా ముందుగా తీసుకున్నందుకు చెల్లించిన ధర. బయట సాయం అందనివాళ్లే ముందు నెలల్లో ఎక్కువ తగ్గించి పాడుతున్నారని ఆ ప్రశ్నకు వచ్చిన జవాబులతో తేలితే, ఒక్క ఎగవేత కూడా లేకుండా నిలిచిన చీటీలో సైతం అండ లేనివాళ్ల డబ్బు అండ ఉన్నవాళ్లకు పోతోందన్నమాట. నమ్మకం దారిలో పోయేవాళ్లకు ఇది కనపడనే కనపడదు. వాళ్ల లెక్కలో నిలిచిన చీటీ మంచి చీటీ. ఇందులో ఒక జాగ్రత్త ఉంది: ఆటో కొనడానికో, కూతురి పెళ్లికో ముందుగా పాడినవాళ్లను విడిగా రాసుకోవాలి. వాళ్లది అండ లేకపోవడం కాదు, ముహూర్తం ముంచుకురావడం.

కాబట్టి ఏది మేలంటే, అడిగే ప్రశ్నను బట్టి ఎంచుకోవాలి. ఎగవేత ఎందుకు ఆగిందో తెలుసుకోవాలంటే అల్లిక. చీటీలో లాభపడింది ఎవరో తెలుసుకోవాలంటే అందే చేతులు. రెండింటినీ కూడి ఒక్క అంకె చేయడం మాత్రం వద్దు. బయట సాయం బాగా అందే మనిషి ఈ ఇరవై మందిలో ఒక్కరికీ తెలియకపోవచ్చు. కూడిక వేస్తే ఆమె, ఏ సాయమూ లేకుండా వీధి మొత్తానికీ తెలిసిన ఇంకొకామె, ఇద్దరూ ఒకే అంకెగా మారిపోతారు.

పని మొదలుపెట్టేటప్పుడు ముందు ముడుల కాగితం, ఆ తర్వాతే కట్టుబడి పుస్తకం. ముడులు రాసుకునేవాళ్లకు ఎవరు ఎగ్గొట్టారో తెలియకూడదు. తెలిస్తే ఎగ్గొట్టినామెకు ఎవరూ లేరని తెలియకుండానే రాసేస్తారు. ఒక్క చీటీలో ఇరవై మంది ఉన్నా, చీటీ నిలవడం గురించి మాట్లాడేటప్పుడు అది ఒక్క ఉదాహరణే, ఇరవై కాదు. ఇక పుస్తకం చూపించమంటే నిర్వాహకురాలు జంకడం సహజం. 1982 చిట్‌ఫండ్ల చట్టం కింద రిజిస్టర్ కాని చీటీ నడపడమే తప్పు కాబట్టి ఆ భయంలో అర్థముంది. పేర్లున్న పుస్తకం అడగకుండా, 1 నుంచి 20 దాకా అంకెలు రాసిన ఖాళీ కాగితం ఆమె చేతికే ఇచ్చి, ఏ అంకె ఎవరిదో ఆమె దగ్గరే ఉంచుకోమని, తేదీలు మాత్రం ఎక్కించి ఇమ్మనాలి. ముడుల జాబితా చదివేటప్పుడు పేర్లు కావాలి కాబట్టి సభ్యులతో మాట్లాడటం అయ్యాక, ఆ పేర్ల పక్కన అవే అంకెలు ఆమె చేతే వేయించుకుని, పేర్లున్న వరుసను ఆమె ఎదుటే చింపేయాలి.